కొత్త క్లయింట్‌ను ప్రపోజల్ మెయిల్‌లోనే అడ్వాన్స్ అడగడం ఎలా

అడ్వాన్స్ అడగడానికి మొహమాటపడేవాళ్లు ఎక్కువగా చేసేది ఇదే: ప్రపోజల్‌లో పని, ధర, గడువు అన్నీ చక్కగా రాస్తారు, అడ్వాన్స్ మాట మాత్రం వదిలేస్తారు. ముందు పని ఖాయం కానీ, తర్వాత మెల్లగా అడుగుదాంలే అనుకుంటారు. అవతలి మనిషి "సరే అండీ, మొదలుపెట్టేయండి" అంటాడు. అప్పుడు వాట్సాప్‌లో "సర్, చిన్న విషయం" అంటూ నసగడం మొదలవుతుంది. ఆయన ఒప్పుకున్నది అడ్వాన్స్ లేని పనికి కదా, అందుకే అన్నీ అయ్యాక మీరు కొత్త షరతు పెట్టినట్టే ఆయనకి అనిపిస్తుంది. అదే మాట ధర పక్కన ముందే రాసి ఉంటే, ధరతో పాటే చదివేసి ఊరుకునేవాడు.

వైజాగ్‌లో చిన్న వ్యాపారం నడిపేవాళ్లెవరికీ అడ్వాన్స్ కొత్త కాదు. కల్యాణ మండపమైనా, షామియానా అయినా, వంటవాళ్లయినా అడ్వాన్స్ పడితేనే తేదీ ఖాయం అని వాళ్లకి బాగా తెలుసు. అయితే మండపం కళ్లెదురుగా ఉంటుంది, ఎక్కడికీ పోదు. వెబ్‌సైట్, లోగో, వీడియో ఎడిటింగ్ లాంటి వాటి దగ్గరికి వచ్చేసరికి చేతిలో పెట్టి చూపించేది ఏమీ ఉండదు కాబట్టి అనుమానం మొదలవుతుంది. నా డబ్బుతో ఏం చేస్తారు, నాకు మొదట ఏది ఎప్పుడు కనిపిస్తుంది, మధ్యలో వద్దనుకుంటే పోయినట్టేనా. అడ్వాన్స్ పేరా ఈ మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పాలి. ఇవి చెప్పకుండా "దయచేసి", "అన్యథా భావించవద్దు" అని ఎన్నిసార్లు రాసినా పెద్దగా ఉపయోగం లేదు.

ఒకే కేసు తీసుకుని చివరిదాకా వెళ్దాం. భీమిలి వైపు బీచ్ రోడ్డు మీద ఆరు గదుల హోమ్‌స్టే ఉందనుకోండి. నడిపే ఆవిడకి వెబ్‌సైట్ కావాలి, డిసెంబరు, జనవరి టూరిస్టుల రద్దీ మొదలయ్యేలోపు. మీరు ఎంవీపీ కాలనీలో ఇంటి నుంచి ఒక్కరే పని చేసుకునే వెబ్ డిజైనర్. ఎవరో చెబితే ఆవిడ మీకు ఫోన్ చేశారు, ముందు పరిచయం లేదు. మీరు వేసుకున్న ధర 50,000 రూపాయలు. అంకెలు లెక్క చూపించడానికే, మీ పనికి మీ అంకెలు పెట్టుకోండి.

మెయిల్ కంటే ముందు, ఫోన్‌లో ఒక్క మాట

అడ్వాన్స్ సంగతి ఆవిడ మొదటిసారి మెయిల్‌లో చదవకూడదు. ఫోన్ పెట్టేసే ముందు, "వివరాలన్నీ రాసి మెయిల్ పంపిస్తాను మేడమ్. పేమెంట్ మూడు విడతలుగా ఉంటుంది, మొదటిది మొదలుపెట్టేటప్పుడు. మీరు చూసి చెప్పండి" అనేయండి. ఎంత అనేది అప్పుడు చెప్పక్కర్లేదు. చెబితే బేరం ఫోన్‌లోనే మొదలవుతుంది, పని వివరాలు పక్కకి పోతాయి. ఈ ఒక్క మాటకి ఆవిడ ఎలా స్పందిస్తారో మాత్రం గమనించండి. "ఆఁ, అలాగే" అంటే మెయిల్ మామూలుగా రాసుకోవచ్చు. "మొదటిదంటే సుమారు ఎంత?" అని అడిగితే ఆవిడ నిజంగా పని చేయించుకునే ఆలోచనలో ఉన్నట్టే.

ఇంకొకటి కూడా అప్పుడే కనుక్కోండి: డబ్బు పంపేది ఎవరు? మన దగ్గర మాట్లాడేది ఒకరు, ఇచ్చేది ఇంకొకరు అవడం చాలా మామూలు. కొడుకు మాట్లాడతాడు, తండ్రి ఇస్తాడు. మేనేజర్ మాట్లాడతాడు, ఓనర్ హైదరాబాద్‌లో ఉంటాడు. "బిల్లు ఎవరి పేరు మీద పెట్టమంటారు?" అని అడిగితే మర్యాదగా ఉంటుంది, సమాధానం కూడా దొరుకుతుంది. ఫోన్‌లో మీ గొంతు వినని ఆ రెండో మనిషి కూడా చదివితే అర్థమయ్యేలా మెయిల్ ఉండాలి, ఎందుకంటే అది అలాగే ఫార్వర్డ్ అవుతుంది.

ఎంత అడగాలో లెక్క కట్టండి

అందరూ 50 శాతం అడుగుతారు కాబట్టి మనమూ అడుగుదాం అనుకుంటే, "ఎందుకంత?" అన్నప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు. కింది నుంచి లెక్క కట్టుకు రండి. ఈ హోమ్‌స్టే పనిలో మొదటి డిజైన్ ఆవిడకి చూపించే రోజు వరకు మీ జేబులోంచి పోయేది ఎంత? డొమైన్, ఏడాది హోస్టింగ్ కలిపి 4,500 అనుకుందాం. గదుల ఫొటోలకి ఫొటోగ్రాఫర్ ఒక పూటకి 5,000. ఇవి 9,500. ఆపైన మీరు కూర్చుని మొదటి పేజీ గీయడానికి ఒక వారం పడుతుంది, దానికి ఒక 10,000 వేసుకోండి. మొత్తం 19,500. దీన్ని 20,000 చేసి అడగండి, అంటే ధరలో 40 శాతం.

ఇలా కట్టడం వల్ల మీకు రెండు అంకెలు తెలుస్తాయి. 20,000 మీరు అడిగేది. 9,500 మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దిగకూడని గీత, ఎందుకంటే దానికంటే తక్కువ తీసుకుంటే కొత్త క్లయింట్ వ్యాపారానికి మీరు మీ జేబులోంచి పెట్టుబడి పెడుతున్నట్టు. బేరం వచ్చినప్పుడు ఈ రెండింటి మధ్యే తిరగండి. జేబులోంచి ఏమీ పోని పని, అంటే లోగో లాంటిది అయితే, మొదటి విడత ఉత్త మీ సమయానికే కాబట్టి 25 నుంచి 30 శాతం అడిగినా మీకేం ఇబ్బంది ఉండదు, అవతలివాళ్లకీ బరువనిపించదు. మొత్తం ధరే ఏ ఐదారు వేలో అయితే విడతల గొడవ లేకుండా ముందే మొత్తం అడిగేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

మెయిల్‌లో ఏ చోట

ధర చెప్పిన వెంటనే. పని ఏమిటి, ఎప్పటికి, ఎంత, ఆ ఎంత ఎలా ఇవ్వాలి, డబ్బు అందాక ఏ తేదీన ఏం జరుగుతుంది, ఈ వరసలో చదివితే అడ్వాన్స్ మధ్యలో సహజంగా వచ్చి వెళ్లిపోతుంది. చివర్లో సంతకం కింద "గమనిక" అని పెడితే దాచి పెట్టినట్టుంటుంది, బోల్డ్‌లో పెడితే గద్దించినట్టుంటుంది. జత చేసిన పీడీఎఫ్‌లో మాత్రమే ఉంచడం ఇంకా ప్రమాదం, ఫోన్‌లో మెయిల్ చదివేవాళ్లలో చాలామంది పీడీఎఫ్ తెరవరు. ఆ తర్వాత "మీరు చెప్పలేదే" అంటే "అటాచ్‌మెంట్‌లో ఉందండీ" అనడం తప్ప ఏం చేయలేం.

బ్యాంకు ఖాతా నంబర్, క్యూఆర్ కోడ్ ఈ మెయిల్‌లో పెట్టకండి. ఇంకా సరే అనని మనిషికి ఖాతా నంబర్ పంపితే తొందరపెడుతున్నట్టు ఉంటుంది. సరే అన్నాక ప్రొఫార్మా ఇన్‌వాయిస్‌తో, అంటే డబ్బు అందకముందు పంపే ముందస్తు బిల్లుతో, పంపిస్తే సరిపోతుంది.

ఇక మెయిల్:

> సబ్జెక్ట్: మీ హోమ్‌స్టే వెబ్‌సైట్: పని, ధర, మొదలయ్యే తేదీ
>
> నమస్కారం మేడమ్,
>
> మంగళవారం ఫోన్‌లో మాట్లాడుకున్న వివరాలు రాసి పంపుతున్నాను. మీకు కావాల్సింది గదుల ఫొటోలు, అద్దెలు, గూగుల్ మ్యాప్, వాట్సాప్‌లో నేరుగా బుకింగ్ అడిగే బటన్ ఉన్న వెబ్‌సైట్, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ. నవంబరు 10 నాటికి సైట్ పని చేస్తూ ఉండాలి.
>
> ఇందులో ఉండేవి: ఆరు గదులు, బయటి ఆవరణ ఫొటోలు ఒక పూట తీయించడం, ఎనిమిది పేజీల డిజైన్, డొమైన్, ఏడాది హోస్టింగ్, సైట్ మొదలయ్యాక నెల రోజుల పాటు చిన్న చిన్న మార్పులు. సైట్‌లోనే డబ్బు కట్టి గది బుక్ చేసుకునే ఏర్పాటు ఇందులో లేదు, కావాలంటే తర్వాత విడిగా చేసుకోవచ్చు.
>
> మొత్తం ధర 50,000 రూపాయలు, మూడు విడతలుగా: మొదలుపెట్టేటప్పుడు అడ్వాన్స్ 20,000, మొదటి పేజీ, గదుల పేజీలు మీరు చూసి సరే అన్నాక 20,000, సైట్ అందరికీ తెరిచే ముందు 10,000.
>
> అడ్వాన్స్ అందగానే మీ పేరు మీదే డొమైన్, హోస్టింగ్ తీసుకుంటాను, ఫొటోగ్రాఫర్‌కి తేదీ ఖాయం చేస్తాను, మొదటి పేజీ డిజైన్ మొదలుపెడతాను. అక్టోబరు 6 లోపు అందితే 9వ తేదీ ఉదయం ఫొటోలు తీస్తాం, 17న మొదటి పేజీ మీకు చూపిస్తాను. వాన పడితే ఫొటోలు తెరపి ఇచ్చిన రోజుకి మారతాయి, డిజైన్ పని ఆగదు. మొదటి పేజీ చూసేలోపు ఏ కారణం వల్లైనా మీరు వద్దనుకుంటే, అప్పటికి అయిన ఖర్చులు బిల్లులతో చూపించి మిగిలిన డబ్బు వారం రోజుల్లో తిరిగి పంపిస్తాను.
>
> ఈ ధర, తేదీలు అక్టోబరు 6 వరకు ఉంటాయి. మీకు సరే అయితే ఈ మెయిల్‌కి జవాబుగా "సరే" అని రాస్తే చాలు, అదే రోజు బ్యాంకు వివరాలతో ప్రొఫార్మా ఇన్‌వాయిస్ పంపిస్తాను. ఏదైనా మార్చాలన్నా, విడతల గురించి మాట్లాడాలన్నా ఫోన్ చేయండి.

ఆ పేరాలో ఏం జరిగిందో చూడండి

"అడ్వాన్స్ ఇస్తేనే మొదలుపెడతాను" అని ఎక్కడా లేదు. "అందగానే ఇవి చేస్తాను" అని ఉంది. రెండింటి అర్థం ఒకటే, డబ్బు రాకుండా పని మొదలవదు, కానీ మొదటిది తలుపు మూసి గొళ్లెం పెట్టినట్టుంటుంది. "ఇస్తేనే", "ఇవ్వకపోతే", "తప్పనిసరి" ఈ మూడూ మెయిల్‌లో వెతికి తీసేయండి. అలాగే "గతంలో కొందరు డబ్బు ఎగ్గొట్టారు కాబట్టి" లాంటి సంజాయిషీ కూడా వద్దు, ఎవరో చేసిన పనికి ఈవిడని అనుమానిస్తున్నట్టు ఉంటుంది.

డొమైన్ ఆవిడ పేరు మీదే అన్న మాట చూడటానికి చిన్నది, నా లెక్కలో మెయిల్ మొత్తంలో ఎక్కువ పని చేసేది అదే. డిజైనర్ తన పేరు మీద డొమైన్ కొనేసి, తర్వాత తేడా వస్తే సైట్ ఇవ్వనని కూర్చున్న కథలు వ్యాపారస్తులు వినే ఉంటారు. నా డబ్బుతో కొన్నది నా పేరు మీదే ఉంటుంది అని తెలిస్తే సగం భయం పోతుంది. రాశాక అలాగే చేయండి మరి, ఆవిడ మెయిల్ ఐడీతోనే ఖాతా తెరవండి.

తేదీలు ఊరికే పెట్టినవి కావు. అక్టోబరులో మన తీరానికి వానలూ వాయుగుండాలూ మామూలే, సముద్రం తూర్పున ఉంది కాబట్టి బీచ్ వైపు గదుల్లోకి మంచి వెలుతురు ఉదయమే వస్తుంది, మధ్యాహ్నానికి గది డల్‌గా కనిపిస్తుంది. అందుకే "9వ తేదీ ఉదయం" అనీ, వాన సంగతీ రాశాం. ఇలాంటి ఒక్క వివరం ఉంటే ఆ 20,000 ఎక్కడికి వెళ్తుందో కళ్లకి కట్టినట్టుంటుంది. మీ పనిలో కూడా ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, వెతికి పెట్టండి.

తిరిగి ఇచ్చే మాట దగ్గర చాలామంది ఆగిపోతారు, డిజైన్‌కి పెట్టిన రోజులు పోతాయి కదా అని. నిజమే, పోతే ఒక వారం పోతుంది. ఇంత చిన్న పనికి ఆ రిస్క్ తీసుకోవచ్చని నా ఉద్దేశం. పని పెద్దదైతే "పని చేసిన ప్రతి రోజుకీ ఇంత చొప్పున మినహాయించి" అని రేటుతో సహా రాయండి. ఏమీ చెప్పకుండా "నాన్ రిఫండబుల్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే కొత్త క్లయింట్ అక్కడే ఆగిపోతారు, పైగా ఏ పనికీ ముడిపెట్టకుండా ఊరికే ఉంచేసుకున్న డబ్బు గురించి తర్వాత వాదన వస్తే మీ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు.

జీఎస్టీ, టీడీఎస్ సంగతి క్లుప్తంగా

సేవలు అందించేవాళ్లకి మన రాష్ట్రంలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేకపోతే మెయిల్‌లో జీఎస్టీ ఊసే ఎత్తకండి, వసూలు చేయకూడదు కూడా. ఉంటే మాత్రం జాగ్రత్త: సేవల విషయంలో అడ్వాన్స్ అందినప్పుడే దాని మీద పన్ను కట్టాలి, చివరి బిల్లు దాకా ఆగడానికి లేదు. అందుకే మెయిల్‌లో "20,000, దానిపై 18 శాతం జీఎస్టీ 3,600, కలిపి 23,600" అని విడగొట్టి రాయండి. డబ్బు అందాక రిసీట్ వోచర్ ఇవ్వాలి, పని ఆగిపోయి డబ్బు తిరిగి ఇస్తే రిఫండ్ వోచర్. ఇది రాయకుండా "20,000 పంపండి" అంటే ఆ పన్ను మీ జేబులోంచే పోతుంది.

క్లయింట్ కంపెనీ అయితే అడ్వాన్స్‌లోనే టీడీఎస్ కోసుకుని పంపొచ్చు. 20,000కి 18,000 పడితే గాబరాపడి ఫోన్ చేయకండి, ముందు కోత ఎంతో లెక్క చూడండి. అది మీ పాన్ మీద జమ అవుతుంది. కోశామని మెయిల్‌లో చెప్పమనండి, తర్వాత జమ అయిందో లేదో చూసుకోండి.

వచ్చే జవాబులు

"ముందు ఒక డిజైన్ చూపించండి, నచ్చితే అడ్వాన్స్ ఇస్తాం." ఇది ఎక్కువగా వచ్చేది. ఊరికే శాంపిల్ చేయడానికి ఒప్పుకోకండి, ఎందుకంటే ఆ శాంపిల్ చేయడమే మొదటి వారం పని. "ఇంతకుముందు చేసినవి మూడు పంపుతున్నాను మేడమ్, వాళ్లలో ఒకరితో ఫోన్‌లో మాట్లాడాలంటే అడిగి నంబర్ ఇస్తాను. మీ సైట్ డిజైన్ చూశాకే ముందుకి వెళ్దాం అనుకుంటే, మొదటి పేజీ ఒక్కటీ 10,000కి చేస్తాను, నచ్చి కొనసాగిస్తే అది మొత్తం ధరలో కలిసిపోతుంది" అని రాయండి. ఫొటోలు, డొమైన్ అప్పుడే తీసుకోరు కాబట్టి మీ జేబులోంచి పోయేది ఉండదు. ఆవిడకి కూడా రిస్క్ సగమే.

"20,000 ఒకేసారి అంటే ఎక్కువండీ" అంటే ధర తగ్గించకండి, అడ్వాన్స్‌ని రెండు ముక్కలు చేయండి. ఇప్పుడు 10,000, ఫొటోలు తీసిన రోజు 10,000. మీ 9,500 గీత మొదటి ముక్కలోనే దాటేశారు.

"అకౌంటెంట్ ఊళ్లో లేరు, వచ్చాక పంపిస్తారు, మీరు మొదలుపెట్టేయండి." నిజంగానే లేకపోవచ్చు. "పర్లేదు మేడమ్, ఆయన వచ్చాకే పంపండి. ఎన్ని రోజులు ఆలస్యమైతే ఫొటోల తేదీ, 17వ తేదీ అన్ని రోజులు జరుగుతాయి, అంతే" అని చెప్పండి. కోపం లేదు, నిష్ఠూరం లేదు, తేదీ మాత్రం జరిగింది. డిసెంబరు రద్దీ ఆవిడకి ముఖ్యం కాబట్టి ఆ తేదీలే ఆవిడని కదిలిస్తాయి.

"మా కంపెనీలో అడ్వాన్స్ పద్ధతి లేదు" అని పరవాడ ఫార్మా కంపెనీ లాంటి పెద్ద చోట పర్చేజ్ డిపార్ట్‌మెంట్ అంటే, అది బేరం కాదు, నిజంగానే వాళ్ల రూల్ అయ్యుండొచ్చు. అక్కడ పట్టుబడితే పని పోతుంది. పర్చేజ్ ఆర్డర్ రాతపూర్వకంగా తీసుకుని, మొదటి విడతని వారం, పది రోజుల్లో పూర్తయ్యే చిన్న ముక్కకి కట్టండి, అది అందిన వెంటనే బిల్లు. చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితమే, చేయించుకుని ఆ నంబర్ బిల్లు మీద వేయండి, ఎందుకంటే సూక్ష్మ, చిన్న సంస్థలకి చెల్లింపు 45 రోజులు దాటకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలో ఉంది. జేబులోంచి 9,500 లాంటి ఖర్చు ఉంటే మాత్రం ఆ సామాన్లు, డొమైన్, హోస్టింగ్ వాళ్లనే నేరుగా కొనమనండి.

జవాబే రాకపోతే గడువుకి ఒక రోజు ముందు రెండు వాక్యాలు: "మేడమ్, 9వ తేదీ ఫొటోగ్రాఫర్‌ని రేపటి వరకు ఆపి ఉంచగలను. తర్వాతైనా చేద్దాం, తేదీలు కొత్తగా వేసుకుందాం." ఇక మళ్లీ మళ్లీ తట్టకండి.

ఒక రకం జవాబుకి మాత్రం మర్యాద అక్కర్లేదు. ధర మీద ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వెంటనే ఒప్పుకుని, నేవీలోనో ఆర్మీలోనో ఆఫీసర్‌నని చెప్పి, "అడ్వాన్స్ పంపుతున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే అది మోసం. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచే పోతుంది. నేవీ ఉన్న ఊరు కాబట్టి మనకి ఇలాంటి మాట నమ్మబుద్ధేస్తుంది, అదే చిక్కు. "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి వేయండి" అన్నా అంతే, మెసేజ్ స్క్రీన్‌షాట్ నమ్మకుండా బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూడండి.

డబ్బు నిజంగా పడ్డాక అదే రోజు ఆ మెయిల్‌కే జవాబుగా రాయండి: "20,000 అందింది మేడమ్, రసీదు జత చేశాను. డొమైన్ మీ పేరు మీద ఇవాళే తీసుకుంటున్నాను, మీ ఫోన్‌కి ఒక ఓటీపీ వస్తుంది, నాకు చెప్పకుండా పేజీలో మీరే కొట్టండి. 9వ తేదీ ఉదయం ఆరున్నరకి ఫొటోగ్రాఫర్‌తో వస్తాం, ఆ రోజుకి సముద్రం వైపు రెండు గదులు ఖాళీగా ఉంచగలరా?"